తొమ్మిది పాళ్లలో లేని నానమ్మ

నానమ్మకు మా ఇంట్లో అయిదో వంతు వస్తుందని చెప్పింది నేనే. ఎవరో అంటే విని చెప్పింది కాదు, నాకు తెలుసనుకుని చెప్పింది. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో ఉద్యోగం, నోటికి అదుపు లేదు. తెలిసింది ఒకసారి, తెలియనిది రెండుసార్లు గట్టిగా చెప్పే రోజులవి.

తొంభైల చివర్లో నేను ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర టైపిస్టును. రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా రేకుల గది, అందులో ఆయన, నేను, రెండు మిషన్లు. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచాక చుట్టుపక్కల రాళ్ల గుట్టలకు కూడా గిరాకీ వచ్చింది. నిన్నటిదాకా మేకలు తిరిగిన జాగాలకు అన్నదమ్ములు పంపకాల కాగితాలు రాయించుకునేవారు. ఇంటి పెద్ద విల్లు రాయకుండా పోతే వారసుల పేర్లు వరుసగా కొట్టేదాన్ని: భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి బతికుంటే తల్లి. అందరికీ సమానం. కళ్లు మూసుకుని కొట్టగలిగేదాన్ని, నిజానికి కళ్లు మూసుకునే కొట్టాను. ఆ కాగితాలన్నీ హిందువులవని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

మేము క్రైస్తవులం. మా పెళ్లిళ్లు వేరు, మా సమాధుల తోట వేరు, ఆదివారం మా తెల్లచీరలు వేరు. ఇవన్నీ వేరని చిన్నప్పటి నుంచీ తెలుసు. పోయినవాడి ఇల్లు పంచుకోవడం కూడా వేరుగా ఉంటుందని మా చర్చిలో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాయిన ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. యాభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, అప్పుడే పద్దెనిమిది దాటిన తమ్ముడు, పద్నాలుగేళ్ల చెల్లె, నాయినను కన్న నానమ్మ. తాత మేము పుట్టకముందే పోయాడు. ఇల్లు మాదాపూర్‌లోనే, మూడు గదులు, చుట్టూ ఖాళీ జాగా. ఆ జాగా నానమ్మకు ఆమె తండ్రి ఇచ్చింది. నాయిన ఇల్లు కట్టుకోవడానికి ఫ్యాక్టరీలో లోను అడిగితే, జాగా నీ పేరున ఉంటేనే ఇస్తామన్నారు. నానమ్మ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి దానపత్రం మీద వేలిముద్ర వేసి వచ్చింది. కొడుకు పేరున ఉంటే ఏంది, నా పేరున ఉంటే ఏంది అందట.

నాయిన పోయిన ఆరు నెలలకు ఒక బిల్డరు మా గడప తొక్కాడు. ఇల్లు అమ్మి మదీనాగూడలో చిన్న ఇల్లు కొనాలని, మిగిలినదానితో మా ముగ్గురి బతుకులు ఒడ్డున వేయాలని అమ్మ ఆలోచన. అత్తాకోడళ్లకు ఎన్నడూ పడలేదు. అమ్మినాక నానమ్మ ఎక్కడుంటుందనే మాట అమ్మ ఎత్తలేదు, నానమ్మ అడగలేదు. ఆ మాట మధ్యలో పడి నలుగుతుంటే నేను పెద్దమనిషి తరహాలో కల్పించుకున్నాను. మండలాఫీసు నుంచి తెచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసి చూపించాను. అయిదు పేర్లున్నాయి, అయిదు సమాన భాగాలు అన్నాను. "నానమ్మా, నీ వంతు నీకుంటది. ఎవల దయ అవసరం లేదు" అని కూడా అన్నాను. అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు లోలోపల గర్వంగానే ఉంది.

వచ్చిన ఆదివారం ఆరాధన అయిపోగానే నానమ్మ మూసాపేటకు బస్సెక్కింది. అక్కడ మా మేనత్త ఒక కిరాయి గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతికేది. మొగుడు వదిలేసి చాలా ఏళ్లయింది. నా వంతు నీకే, ఇగ కిరాయి బాధ పోతదని నానమ్మ ఆమెకు మాటిచ్చి వచ్చింది.

మా కాగితం రాయమని డాక్యుమెంట్ రైటర్‌ను అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీవాళ్లది నాకు తెల్వదమ్మా, వకీలును అడుగుర్రి" అన్నాడు. అదేం మాట, కాగితం ఎవరిదైనా కాగితమే కదా అని మనసులో నవ్వుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

వకీలు ఆఫీసు మూసాపేటలోనే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. అమ్మ, నానమ్మ, నేను వెళ్లాం. నానమ్మ ఉతికిన చీర కట్టుకుని, వేలిముద్ర సరిగా పడాలని బొటనవేలు సబ్బుతో రుద్దుకుని మరీ వచ్చింది.

"మామ్మగారూ, మీరు ఆ కుర్చీలో కూర్చోండి" అని ఆయన కాగితాలు చూశాడు. "వారు విల్లు ఏమైనా రాశారా అమ్మా?"

"ఏం రాయలే సారు. రాత్రి మంచిగ పండుకున్నడు, తెల్లారి లేడు" అంది అమ్మ.

"క్రైస్తవులే కదండీ?"

"అవు సారు. చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకున్నడు."

"అయితే ఇల్లు తొమ్మిది పాళ్లు అనుకోండి. మూడు పాళ్లు, అంటే మూడో వంతు, భార్యగా మీది. మిగతా ఆరూ పిల్లలవి. ముగ్గురున్నారు కాబట్టి తలా రెండు. ఆడపిల్ల, మగపిల్లాడు అని తేడా లేదు."

వేళ్ల మీద లెక్కవేశాను. మూడు, రెండు, రెండు, రెండు. తొమ్మిదీ అయిపోయాయి.

"సార్, నానమ్మను మర్చిపోయిన్రు" అన్నాను.

"మర్చిపోలేదమ్మా. పిల్లలున్నప్పుడు తల్లికి రాదు."

"వస్తది సార్. నేను రోజూ టైపు చేస్త. తల్లికి సమానంగ వస్తది."

"నువ్వు చేసేవి హిందువుల కాగితాలై ఉంటాయి. వాళ్ల చట్టంలో తల్లికి భార్యతో, పిల్లలతో సమానంగా వస్తుంది. క్రైస్తవులది వేరే చట్టం."

"మండలాఫీసు సర్టిఫికెట్ల ఆమె పేరున్నది గద సార్!"

"అది ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతుంది తల్లీ. ఎవరికి ఎంతో చెప్పదు."

ఇన్ని రోజులు వందల కాగితాలు కొట్టిన నా వేళ్లను చూసుకున్నాను. వాటికి అక్షరాలు తప్ప ఏమీ తెలియదు. నానమ్మ మాత్రం తొణకలేదు. ఆయనకు సంగతి సరిగా తెలిసినట్టు లేదని ఓపికగా చెప్పబోయింది.

"ఆ జాగ నాది సారు. నేనే ఇచ్చిన."

"రిజిస్ట్రీ చేసి ఇచ్చేశారు కదండీ. ఇచ్చిన రోజు నుంచీ అది మీ అబ్బాయిదే."

"నా కొడుకుది నాకు రాదా?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పిల్లలు లేకుండా పోయి ఉంటే వచ్చేదండి. సగం భార్యకు పోయేది. మీ అబ్బాయికి తండ్రి లేరు కాబట్టి మిగిలిన సగంలో మీరూ, మీ మిగతా పిల్లలూ సమానంగా తీసుకునేవారు."

నానమ్మ నా వైపు వేలు చూపించింది.

"అంటే ఈ పిల్లలు లేకుంటే నాకు వచ్చేదన్నట్టా?"

"చట్టం అలాగే ఉందండి."

"గట్లొచ్చేది నాకొద్దు" అంది నానమ్మ. వెంటనే, గట్టిగా, దేన్నో దూరంగా తోసేసినట్టు అంది. సబ్బుతో రుద్దుకున్న ఆ వేలు ఇంకా నా వైపే ఉంది. మేం ముగ్గురం పుట్టడమే ఆమె వంతుకు అడ్డమని ఒక పుస్తకంలో రాసి ఉందంటే నమ్మలేకపోయాను.

అమ్మ కూడా బిత్తరపోయి కూర్చుంది. మూడో వంతు తనదని విన్న సంతోషం ఆ ముఖంలో ఎక్కడా లేదు. చెల్లె మైనరు కాబట్టి దాని రెండు పాళ్లు అమ్మాలంటే జిల్లా కోర్టు అనుమతి కావాలని, తల్లి ఊరికే సంతకం పెడితే చెల్లదని వకీలు చెబుతూనే ఉన్నాడు. మా ఇద్దరిలో ఎవరి చెవికీ అది ఎక్కలేదు. తర్వాత మళ్లీ వెళ్లి తెలుసుకున్నాం.

బయటికి రాగానే నానమ్మ ఇంటికి రానంది, మేనత్త గదికి దారి తీసింది. వెనకాలే వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి, "బిడ్డా, నీకు అబద్ధం చెప్పిన. నాకేం రాదంట" అంది. అబద్ధం నాది. మేనత్త మిషను ఆపి, కుడుతున్న జాకెట్టు మడతపెట్టి, తల్లిని చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. నా ముఖం చూసి, "నువ్వేం పరేషాన్ కాకు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రే మేనత్త నానమ్మను ఇంట్లో దింపి పోయింది. మర్నాడు పొద్దున అమ్మ వంటింట్లో ఉంది. నానమ్మ వాకిట్లో కరివేపాకు మొక్క దగ్గర నిలబడి లోపల ఉన్న అమ్మను పిలిచింది.

"కోడలా, రెండు రెబ్బలు తెంపుకోనా?"

పాతికేళ్లలో నానమ్మ అమ్మను ఏదీ అడిగి ఎరగదు. అమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చి, "నన్నడుగుతవేంది అత్తమ్మా, నన్నడుగుతవేంది" అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది. నాయిన పోయిన రోజు కూడా అమ్మ అంతగా ఏడవలేదు. నానమ్మ రెబ్బలు తెంపకుండానే ఆమె పక్కన కూర్చుంది.

అమ్మ ఆ వారమే బిల్డరుకు ఇల్లు అమ్మడం లేదని చెప్పేసింది. నెల తిరక్కుండా అమ్మ, నేను, తమ్ముడు అదే వకీలు దగ్గరికి వెళ్లాం. చెల్లె పాళ్ల జోలికి పోకుండా, మా మా పాళ్లలో నుంచి నానమ్మ బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, తనకు నచ్చినవాళ్లను తన దగ్గర ఉంచుకునే హక్కు రాసి రిజిస్ట్రీ చేయించాం. మేనత్త గది ఖాళీ చేసి కుట్టుమిషనుతో సహా వచ్చేసింది. ఆ కాగితం నేనే టైపు చేశాను. ప్రతి పదం కొట్టే ముందు చదివాను. అదీ నాకు కొత్తే.

అయినా నానమ్మ అడగడం మానలేదు. నీళ్లు పట్టుకోనా, ఈ తలుపు వేసుకోనా, పాస్టరమ్మ వస్తే కూర్చోబెట్టనా. ఒకరోజు నాకు కోపం వచ్చి ఆ కాగితం తెచ్చి ఆమె ముందు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను.

"ఇదంత మీరిచ్చిందే గద బిడ్డా?" అంది నానమ్మ.

"అవు నానమ్మా."

"అందుకే అడుగుతున్న" అంది.