వెనక్కి జరిపిన చోట్లు

కత్తెరక్క కూర్చుంటే కుర్చీకి కష్టం, నిలబడితే నేలకు కష్టం అనేవాళ్లు కుట్టుపని హాల్లో. ఒక్కచోట కుదురు లేదు. మెడలో నాడాకు కట్టిన చిన్న కత్తెర వేలాడుతూ ఉండేది, పేరు అలా వచ్చింది. ఐదో తరగతితోనే బడికి దండం పెట్టినా, హాలు ఈ చివర నిలబడి ఆ చివరి మెషిన్ చప్పుడు విని సూది వంకరపోయిందని చెప్పగలదు. ఇరవై రెండేళ్లలో హాలుకు కొత్తగా వచ్చిన ప్రతి చేతినీ పట్టుకుని నేర్పింది ఆవిడే.

ఒక మంగళవారం ఓనరు గోడకు ట్యాబ్ తగిలించాడు. అందులో ఎనిమిది నిమిషాల వీడియో. బట్ట అంచు పీచులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషిన్‌కు నాలుగు దారాలు ఎక్కించే విధానమంతా అందులో ఉంది.

"ఇకనుంచి ఇదే మాస్టరు. అక్కను పిలవొద్దు, ఆవిడకు వేరే పని ఉంది," అన్నాడు సూపర్వైజరు. "శనివారం ఒక్కొక్కరూ ఖాళీ మెషిన్‌కు దారం ఎక్కించి, జానెడు అంచు కుట్టి చూపించాలి. పదిహేను నిమిషాలు. కానివాళ్లు దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి."

కొత్తవాళ్లు ఆరుగురు. అందులో ఒకామె కత్తెరక్క ఆడపడుచు. ఆమె మొగుడు కాలు విరిగి మంచం ఎక్కాడు. బల్ల దగ్గర కూలి సగం. మెషిన్ మీద నిలబడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వదినా మరదళ్లకు మాటల్లో నిప్పుకీ ఉప్పుకీ ఉన్నంత చుట్టరికం.

"నీ వీడియో మాస్టరు మాట నీకు తెలుస్తుందా మరదలా?"

"నీలా అరవడు వదినా. అదొక్కటే సుఖం."

"అరవడు, వినిపించుకోడు కూడా."

బుధవారం ఆ మాటే నిజమైంది. ఎడమ చేతిలో దారం, కుడి చేతిలో దారం లాగే చిన్న పట్టకారు, అదే ట్వీజరు, ఇక వీడియో ఆపడానికి మూడో చేయి ఎక్కడ? ట్వీజరు కింద పెట్టి తెర తాకేసరికి దారం జారిపోయేది. మళ్లీ వెనక్కి జరిపేవాళ్లు. వీడియోలో నాలుగు దారాలూ తెల్లవే. ఏది ఎటు పోతోందో చూసేలోపే అందులో చూపించే ఆయన చేయి తీసేసేవాడు.

కత్తెరక్కకు కాలు నిలవలేదు. వెళ్లి చూపిద్దామంటే ఆజ్ఞ అడ్డం, చూస్తూ ఊరుకుందామంటే చేతులు ఊరుకోవు. హాలు రెండుసార్లు చుట్టి వచ్చింది. చివరికి దారపు కండెల పెట్టె అట్ట ఒకటి చింపి, గుర్తులు పెట్టే సుద్ద పట్టుకుని, ట్యాబ్ పక్కన స్టూలు వేసుకుంది.

"ఏంటక్కా, కాపలానా?" అన్నాడు సూపర్వైజరు.

"నేర్పొద్దన్నారు గానీ చూడొద్దనలేదుగా నాయనా."

ఎవరు వీడియో ఆపినా తెర కింద అంకె చూసి అట్ట మీద గీత గీసింది. ఎవరు వెనక్కి జరిపినా ఆ అంకె పక్కన కొక్కెం గుర్తు వేసింది. సాయంత్రానికి అట్ట మీద గీతలన్నీ మూడు చోట్లే గుంపు కట్టాయి, కొక్కేలు రెండు చోట్ల. మిగతా అట్టంతా ఖాళీ. ఆరుగురు మనుషులు, ఆరు తలలు, తడబాటు మాత్రం అవే చోట్ల!

ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లింది. తెల్లారేసరికి ఒకటి తోచింది. ఆపినవాళ్లకు విషయం అర్థమైంది, చేతులు వెనకబడ్డాయి. అక్కడ ఒక మాటలో నాలుగు పనులు ఇరికించాడు ఆయన, వాటిని విడదీయాలి. వెనక్కి జరిపినవాళ్లకు మాత్రం అసలు ఏం చేశాడో కనబడలేదు. అక్కడ ఆయన చెప్పకుండా మింగేసిన పని ఏదో ఉంది.

గురువారం మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. పదో తరగతి చదివిన చేయి, అక్షరం ముత్యం. వదిన చెప్పడం, మరదలు రాయడం. దారాలు కలిసిపోకుండా తలా ఒక రంగు. మొదట బట్టను నొక్కే పాదం పైకెత్తు. తర్వాత పై లూపరు (అంచు అల్లే వంకీ), ఎర్ర దారం. తర్వాత కింద లూపరు, నీలం. దానికి చక్రం బాణం గుర్తున్న వైపు తిప్పి, కింద లూపరు బయటికి వచ్చాక ఆపు. చివర రెండు సూదులు. ఒక్కో వరుసకు ఒక్కటే పని. వీడియోలో ఆయన చక్రం తిప్పాడు గానీ నోటితో చెప్పలేదు. రెండు కొక్కెం గుర్తుల్లో ఒకటి అదే.

రెండో కొక్కెం చివర్లో ఉంది. కుట్టి చూసేటప్పుడు కింద లూపరు దారం టప్పున తెగుతోంది. అందరూ అక్కడే వెనక్కి జరిపి, కుట్టడం ఎలాగో పదిసార్లు చూశారు. కత్తెరక్క అక్కడ 'మెల్లగా కుట్టు' అని రాయించింది.

శుక్రవారం సూపర్వైజరు భోజనానికి వెళ్లాక, కాగితం చూసి మరదలు దారం ఎక్కించింది. అన్నీ కుదిరాయి. మెల్లగా కుట్టింది. నీలం దారం టప్పు. మళ్లీ ఎక్కించింది, మళ్లీ టప్పు.

"నీ కాగితం కూడా వీడియో తమ్ముడే వదినా!" అని ట్వీజరు విసిరింది మరదలు. కళ్లలో నీళ్లు. "బల్ల దగ్గర స్టూలు తుడిపించు, రేపు కూర్చుంటా."

"నోర్ముయ్. లే పక్కకి."

కత్తెరక్క కూర్చుంది. చేతులు గాల్లో ఎగిరినట్టు తిరిగాయి, రెండు నిమిషాల్లో కుట్టు గొలుసులా జారింది. ఎలా చేసిందో ఆవిడకే తెలియదు. చేతులకు తెలుసు, నోటికి తెలియదు. వీడియో ఆయన్ని తిట్టిన తిట్లన్నీ తనకూ వర్తిస్తాయి.

"మరదలా, మళ్లీ చేస్తా. నీకు తెలియనిది ఏం చేసినా 'ఆగు' అను. నన్నే వీడియో అనుకో."

నీలం దారం కత్తెరతో తెంపి మొదలుపెట్టింది.

"ఆగు! సూదుల్లోంచి దారం ఎందుకు పీకావు?"

"పీకానా?"

"పీకావు. వెనక్కి వెళ్లు."

కత్తెరక్క వెనక్కి వెళ్లింది. చూసుకుంది. అవును, దారం ఒకసారి తెగడం మామూలే, కానీ నీలం మళ్లీ ఎక్కించే ముందు తను రెండు సూదులూ ఖాళీ చేస్తుంది. సూది దారాలు ఉండగానే కింద లూపరుకు ఎక్కిస్తే, అవి దానికి చుట్టుకుని కొత్త దారాన్ని కోసేస్తాయి. ఇరవై రెండేళ్లుగా చేస్తూ ఒక్కరికీ చెప్పలేదు. వీడియోలో ఏ దారమూ తెగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు. తెగిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు. అందరూ తెగిన చోటుకే వెనక్కి పోతున్నారు.

'మెల్లగా కుట్టు' కొట్టేయించింది. దాని కింద, 'నీలం తెగితే: రెండు సూదుల దారాలూ తీసెయ్యి. నీలం ఎక్కించు. సూదులు మళ్లీ చివరనే' అని రాయించి, మిగతా అయిదుగురికీ నకళ్లు ఇప్పించింది.

శనివారం సూపర్వైజరు గడియారం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కత్తెరక్క ఒక కన్ను మెషిన్ల మీదే వేసి పక్క బల్ల మీద బొత్తాల డబ్బాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి, అక్కడి నుంచి మళ్లీ మొదటి చోటికి సర్దుతోంది. పదో నిమిషంలో మరదలి నీలం దారం తెగింది. మరదలు ట్యాబ్ వైపు చూడలేదు. కాగితం చూసి రెండు సూదులూ ఖాళీ చేసింది. కింద లూపరు, కుడి సూది, ఎడమ సూది. పద్నాలుగో నిమిషం దాటుతుండగా జానెడు అంచు శుభ్రంగా వచ్చింది.

"మెషిన్ మీదే ఉండు," అన్నాడు సూపర్వైజరు. ఆరుగురిలో అయిదుగురు నెగ్గారు.

ఆ కాగితం అందుకుని, "అక్కా, దీన్ని ప్లాస్టిక్ వేయించి ప్రతి మెషిన్‌కూ తగిలిద్దాం," అన్నాడు.

కత్తెరక్క లాక్కుంది. "అప్పుడే కాదు నాయనా. ఆరో వరుస దగ్గర అర్థంకాక మా మరదలి వేలు రెండుసార్లు పై వరుసలకు వెనక్కి పోయింది. ఆ ఓడిన అమ్మాయిదైతే మూడుసార్లు."

"నెగ్గాను కదా వదినా, ఇంకా వంకలా?" అంది మరదలు.

"నువ్వు నెగ్గావు. కాగితం ఇంకా నెగ్గలేదు. ఆ అమ్మాయిని పిలు, సోమవారం మళ్లీ అడుగుదాం. పెన్సిలు ఎక్కడ పెట్టావు?"