చెప్పు ముక్క వాషర్

యోహాను గురించి మంచి మాటలు చాలా ఉన్నాయి. ఊరంతా చెబుతుంది, వినండి. నేను మాత్రం ముందు చెడ్డ మాటే చెబుతాను. ఆ మనిషికి ఏ పనైనా తర్వాతకు నెట్టే జబ్బు ఉండేది.

కోరుట్లలో మాది చిన్న ప్రసూతి ఆసుపత్రి. డాక్టరమ్మ, ఆయా లస్మవ్వ, కాంపౌండర్‌ని నేను. మా నల్లాలూ పైపులూ అన్నీ యోహాను చేతి మీదే నడిచేవి. అతని అమ్మానాన్నా గొల్లపల్లి పొలాల్లో కూలికి పోయి బతికినవాళ్లు. ఇతను దుబాయి వెళ్లి, అక్కడి క్యాంపుల్లో పైపుల పని నేర్చుకుని, మోపెడ్ కొనుక్కుని తిరిగొచ్చాడు. పని తెలిసిన మగవాళ్లందరూ గల్ఫ్‌లో ఉంటే ఇక్కడ ఒక్క యోహాను కోసం పది ఇళ్లవాళ్లు ఎదురుచూసేవారు. అతనేమో వార్డులో స్టూలు లాక్కుని కూర్చుని, టీ తాగుతూ, నొప్పులు పడుతున్న ఆడవాళ్లను కూడా నవ్వించేవాడు. ఆ నవ్వు చూసి నేనూ ఎన్నోసార్లు తిట్టడం మానేశాను.

సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో ఆడవాళ్ల వార్డు బాత్రూంలో నల్లా కారడం మొదలైంది. ఎంత బిగించి కట్టినా చుక్క పడుతూనే ఉంది. యోహాను వచ్చి, ట్యాంకు నుంచి వచ్చే నీళ్లను ఆపే గేట్ వాల్ కూడా కట్టకుండా, కింద బకెట్ పెట్టి పని మొదలుపెట్టాడు. పిడి మీది స్క్రూ తీశాడు. స్పానర్‌తో తల భాగం విప్పి, లోపలి కాడను బయటికి లాగాడు. నీళ్లు బకెట్లోకి దూకుతున్నాయి. కాడ అడుగున ఉండే రబ్బరు బిళ్ల అరిగిపోయి, మధ్యలో గుండ్రంగా గాడి పడింది.

"ఇగో సాబ్, వాషర్ సచ్చిపోయింది. గిదే లోపల రంధ్రం మీద గూసోని నీళ్లు ఆపుతది. గిది అరిగితే నువ్వు పిడి ఎంత తిప్పినా గంతే."

బంద్ కాబట్టి హార్డువేర్ షాపుకు షట్టర్ దించి ఉంది. యోహాను ఒక్క నిమిషం ఆలోచించి, బయట పడేసిన పాత హవాయి చెప్పు తెచ్చి, మడమ దగ్గర ముక్క కోసి, గుండ్రంగా చెక్కి, కాడకు తొడిగాడు. చుక్క ఆగిపోయింది.

"చెప్పు ముక్క ఎన్ని దినాలు ఆగుతది?" అన్నాను.

"షాపులు తెరిసినంక అసల్ది ఏస్త. తెలంగాణ అచ్చినంక కొత్త నల్లానే ఏస్త, పో!"

లస్మవ్వ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

షాపులు తెరుచుకున్నాయి, మూతపడ్డాయి, మళ్లీ తెరుచుకున్నాయి. యోహాను మాత్రం చౌరస్తాలో దీక్షా శిబిరం దగ్గర వంటలకు నీళ్లు పట్టడంలో మునిగిపోయాడు. చెప్పు రబ్బరు మెత్తటిది. నల్లా కట్టిన ప్రతిసారీ లోపలి ఇత్తడి అంచు దాన్ని కొంచెం కొంచెం కోస్తూ పోతుంది. మొదట్లో వేలితో ఆగిన నల్లాను కొన్నాళ్లకు లస్మవ్వ రెండు చేతులతో బిగించాల్సి వచ్చింది. గట్టిగా బిగించేకొద్దీ ఆ ముక్క ఇంకా లోతుగా తెగుతుందని ఆమెకేం తెలుసు? శిబిరానికి వెళ్లి మరీ యోహానుకు చెప్పాను.

"సుక్క పడ్తుందా?"

"ఇంకా లేదు."

"మరి ఎందుకు లొల్లి సాబ్? పడ్డనాడు నేనే అత్త!"

ఒళ్లు మండింది. గొడవ ఎందుకులే అని వచ్చేశాను.

ఈలోగా బొగ్గు గనులు కూడా ఆగిపోయాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన కాసేపట్లోనే మోటారు వేసి ట్యాంకు నింపుకోవాలి. మా జనరేటరు ఆపరేషన్ గదిలో దీపాల వరకే. మోటారును లాగలేదు.

అలాంటి ఒక సాయంత్రం యోహాను తన కూతురు సుమలతను ఆటోలో తీసుకొచ్చాడు. తొలి కాన్పు. బస్సులు లేవు, రోడ్లన్నీ రాస్తారోకోలు. అయినా అతని మొహంలో పండగ. డాక్టరమ్మ చూసి, ఇంకా టైముంది, పొద్దున్న చూద్దాం అంది. కరెంటు అప్పటికే పోయింది. ట్యాంకు నిండుగా ఉందని నేనే చెప్పాను. ఆ మాట నిజమే. కూతురికి ధైర్యం చెప్పి యోహాను శిబిరానికి వెళ్లిపోయాడు.

తెల్లారాక కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తోందని డాక్టరమ్మకు తెలిసింది. వెంటనే ఆపరేషన్ అంది. చేతులు కడుక్కుందామని నల్లా తిప్పితే బుస్సుమని గాలి వచ్చి, రెండు ధారలు చిమ్మి ఆగిపోయింది. నేను వార్డు బాత్రూంలోకి పరుగెత్తాను. నేలంతా తడి. ఆ నల్లా మూతి నుంచి సన్నటి తీగలా నీళ్లు ఇంకా జారుతూనే ఉన్నాయి. చెప్పు ముక్క తెగిపోయి, రాత్రంతా ట్యాంకు నీళ్లన్నీ మురుగు మోరీలోకి పోయాయి.

పనిముట్లు మరిగించడానికి నీళ్లు లేవు, చేతులకు నీళ్లు లేవు. జగిత్యాల పెద్దాసుపత్రికి పంపుదామంటే దారి లేదు. కబురు పెడితే శిబిరంలోని మగవాళ్లంతా బిందెలు పట్టుకుని బడి వెనక చేతి బోరింగు దగ్గరికి ఉరికారు. యోహాను అందరికన్నా ముందున్నాడు. నీళ్లు రావాలి, వడపోయాలి, పొయ్యి మీద మరగాలి. మరుగుతున్న గిన్నె ముందు నిలబడి డాక్టరమ్మ గడియారం చూస్తూనే ఉంది. లోపల సుమలత బాపూ బాపూ అని అరుస్తోంది. ఆ గిన్నెలో మొదటి బుడగ లేవగానే పనిముట్లు అందులో వేశాను.

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక యోహాను కూర్చోలేకపోయాడు. స్పానర్ తీసుకుని గేటు దగ్గరున్న మున్సిపల్ నల్లా విప్పాడు. సమ్మె వల్ల అందులో చుక్క రావడం లేదు. దాని కాడకున్న వాషర్ మంచిది. దాన్ని తీసుకొచ్చి, ఈసారి గేట్ వాల్ కట్టి, బాత్రూం నల్లా విప్పాడు. తెగిన చెప్పు ముక్కలు ఏరి పారేశాడు. లోపలి అంచును వేలితో తడిమి, గరుకు లేదని చూసుకుని, వాషర్ తొడిగి, చిన్న నట్టు బిగించి, తల భాగం మళ్లీ ఎక్కించాడు. మిగిలిన బిందెడు నీళ్లు ట్యాంకులో పోసి, వాల్ వదిలి, రెండు వేళ్లతో నల్లా కట్టాడు. ఆగింది. ఒక టీ తాగేంత సేపటి పని. చేతిలో స్పానర్‌తో ఆ నల్లా ముందే నిలబడిపోయాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, "తల్లి బాగానే ఉంది" అంది. బిడ్డను ఇంకాస్త ముందు తీసి ఉంటే అని తర్వాత నాతో అంది. యోహాను వినేటట్టు అనలేదు.

మధ్యాహ్నం సుమలతకు తెలివి వచ్చింది. మగపిల్లవాడని, దక్కలేదని లస్మవ్వ చెప్పింది. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది.

"రాత్రంత గా నల్లా కారుడు ఇన్న, బాపు. లేసి లస్మవ్వను లేపుదామనుకున్న. మా బాపు జేసిన నల్లానే గద, ఏం గాదు, పొద్దుగాల ఆయనే అచ్చి సూస్తడని పండుకున్న."

యోహాను నావైపు తిరిగాడు. తిట్టమన్నట్టు చూశాడు. ఎన్నాళ్లుగానో దాచుకున్న తిట్లన్నీ నా నోట్లో ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.