వాపసు కౌంటర్ అక్క

మా షాపులో ఆవిణ్ణి అందరూ రిటర్నుల అక్క అనేవాళ్ళు. ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, హీటర్లు, కుట్టుమిషన్లు అమ్మే షాపు అది. నేను బిల్లింగులో కూర్చునేవాణ్ణి, నా పక్క కౌంటరే ఆవిడది. కొన్న సంతోషంతో నా దగ్గరికొచ్చినవాళ్ళే పది రోజులకి ముఖం గంటు పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళేవాళ్ళు. పదకొండేళ్ళు ఆ ముఖాల్ని చూసినా ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. వాళ్ళాయన లేతు మిషన్ మీద పనిచేసేవాడు, కూతురు నర్సింగ్ చదివేది.

ఒక ఏడాది చివర పెద్దాయన, అంటే మా యజమాని, లెక్కలు చూసి గుండె పట్టుకున్నాడు. తెచ్చినదల్లా తిరిగి తీసుకోవడం వల్ల లాభంలో మూడో వంతు ఆవిరైపోయిందట.

"రేపటి నుంచి అమ్మిన సరుకు వాపసు లేదని బోర్డు పెట్టించు. జనం వాడుకుని మన మొహాన కొడుతున్నారు" అన్నాడు.

"ఒక్క నెల ఆగండయ్యా. ఎవరు ఎందుకు తెస్తున్నారో రాసి చూపిస్తాను" అంది అక్క.

రాసింది. ఆ నెలలో వచ్చినవి నూట పన్నెండు. సైజో, కెపాసిటీయో సరిపోక తెచ్చినవి అరవై ఎనిమిది. నిజంగా పాడైనవి ముప్పై ఒకటి. వాడుకుని తెచ్చినవి పదమూడు, అందులో తొమ్మిది నలుగురే తెచ్చారు.

"నలుగురి కోసం ఊరందర్నీ దొంగల్ని చేస్తామా?" అంది.

ఆవిడ తయారుచేసిన పద్ధతి ఒక పేజీకి మించలేదు. సీలు తియ్యని పెట్టె పదిహేను రోజుల్లో తెస్తే మొత్తం డబ్బు వెనక్కి. సరిపోలేదని ఇంకోటి తీసుకుంటే ఒకసారి మార్పిడి ఉచితం, ఎందుకంటే మనిషీ డబ్బూ షాపులోనే ఉంటాయి. సరుకు బాగానే ఉండి, సీలు తీసి, డబ్బే కావాలంటే ధరలో పదో వంతు కోత. తెరిచిన పెట్టెని మేము అమ్ముకోవాలంటే దాదాపు అంతే తగ్గించాలి, ఆ కోత దానికి సరి. పాడైనదైతే కోతా లేదు, ఆటో ఖర్చు కూడా మాదే. ఆ సరుకు మేము కంపెనీకి పంపి సొమ్ము రాబట్టుకోగలం. ఇదంతా బిల్లు కొట్టకముందే చదివి వినిపించాలి. ఆ పని నా మీద పడింది. మొదట విసుక్కున్నాను. ఇదంతా చెప్తే కొనేవాడు పారిపోడా అనుకున్నాను. ఎవరూ పారిపోలేదు. గదికి ఎంత పెద్ద హీటరు కావాలో కొనేముందే అడగడం మొదలుపెట్టారు.

రెండేళ్ళు షాపు కళకళలాడింది. డబ్బు వెనక్కి అడిగేవాళ్ళు సగానికి తగ్గారు. మార్చుకోవడానికి వచ్చినవాళ్ళు పనిలో పనిగా ఇంకేదో కొనుక్కుపోయేవాళ్ళు. "అక్క చెప్పిందంటే అంతే" అనే మాట నా చెవులతో ఎన్నిసార్లు విన్నానో.

తర్వాత పెద్దాయనకి మోకాళ్ళు పోయాయి. కొడుకు, మేమంతా చినబాబు అనేవాళ్ళం, వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. చెడ్డవాడని అనను, చురుకైనవాడు. వచ్చిన మూడో వారంలోనే కోతల కింద జమైన సొమ్ము చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"పదో వంతుకే ఇంత వస్తే, నాలుగో వంతు పెడితే?" అన్నాడు.

"బాబూ, అది మన నష్టం పూడ్చుకోడానికి పెట్టింది. సంపాదించుకోడానికి కాదు" అంది అక్క.

"రెండూ డబ్బే కదక్కా."

కోత నాలుగో వంతయింది. మార్పిడికి కూడా రుసుం వచ్చింది. కొనేముందు చదివి వినిపించడం మానెయ్యమని నాతో చెప్పాడు, బిల్లు వెనక చిన్న అక్షరాల్లో అచ్చు వేయించాడు. మెకానిక్‌ని పిలిచి, షాపులో అయిదు నిమిషాలు నడిచిందంటే లోపం లేనట్టే రాయమన్నాడు. లోపం లేదంటే కోత పడుతుంది. అక్కని మాత్రం ఆ కౌంటర్ నుంచి కదపలేదు. ఆవిణ్ణి చూసే కదా జనం వచ్చేది.

ఏడు నెలలు ఆవిడ ఆ కోత కాగితాల మీద సంతకాలు పెట్టింది. కూతురి ఆఖరి ఏడాది ఫీజు నడుస్తోంది. నేనూ నోరు మెదపలేదు, నాకు ఫీజుల సాకు కూడా లేదు. జనం మొదట్లో వాదించేవాళ్ళు, తర్వాత తిట్టేవాళ్ళు, ఆ తర్వాత ఆవిడ వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. తిట్లే నయం.

ఒకరోజు మధ్యాహ్నం కుట్టుపని చేసుకునే ఒకావిడ మోటారు మిషన్ని ఆటోలో తెచ్చింది. వేడెక్కితే కుట్టు దాటేస్తోందని చెప్పింది. మెకానిక్ అయిదు నిమిషాలు తిప్పి లోపం లేదని రాశాడు.

"నాలుగో వంతు కోస్తారా? నువ్వు మంచిదంటేనే కదమ్మా కొన్నాను" అంది ఆవిడ అక్కతో. గొంతు కూడా పెంచలేదు.

అక్క లేచింది. మిషన్ని కౌంటర్ మీద పెట్టించి ప్లగ్గు గుచ్చింది. "గుడ్డ ఉందా? కుట్టు. నేను పక్కనే ఉంటా" అంది.

నలభై నిమిషాలు ఆ మిషను చప్పుడు షాపంతా వినిపించింది. కొనడానికి వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. చినబాబు రెండుసార్లు వచ్చి "అక్కా, చాల్లే" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. అప్పుడు కుట్టు దాటింది. మళ్ళీ దాటింది. అక్క ఆ గుడ్డని చింపి మెకానిక్ చేతిలో పెట్టింది. "ఇప్పుడు రాయి" అంది.

అంతమంది ముందు చినబాబు నవ్వుతూ మొత్తం డబ్బు ఇచ్చేశాడు. కుట్టుపనావిడ నోట్లు కొంగున ముడేసుకుంది. అక్క ఆవిడ వెంట గుమ్మం దాకా వెళ్ళింది.

"మంచి మిషను వస్తే కబురు చేస్తాను."

"వద్దమ్మా. ప్రతిసారీ ఇంత రచ్చ చేస్తే గాని నా డబ్బు నాకు రాదంటే, ఆ షాపు నాకెందుకు? ఇన్నాళ్ళూ నీ దగ్గర కోయించుకుని పోయినవాళ్ళందరికీ ఇలా కుట్టి చూపించావా?"

అక్క వెనక్కి వచ్చి మిషను ప్లగ్గు పీకింది.

వారంలోపే ఆవిణ్ణి గోడౌనుకి మార్చారు. జీతం తగ్గించలేదు, అది తన మంచితనమని చినబాబు అందరితో చెప్పుకున్నాడు. ఆ ఏడాది వాపసులు నూటికి ఎనభై తగ్గాయని గ్రాఫు గీయించి తండ్రికి చూపించాడు. అమ్మకాల గ్రాఫు చూపించలేదు. పెద్దాయన కర్ర పట్టుకుని ఒకరోజు గోడౌనుకి వెళ్ళాడు. సరుకు జాబితా ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"షాపు ఖాళీగా ఉందమ్మా. వ్యాపారం ఎక్కడ పోయింది?" అని అడిగాడు.

"నమ్మకం పోయిందయ్యా. కోత పెరిగినందుకు కాదు, చెప్పకుండా కోసినందుకు."

"నీ పద్ధతి రాసిన కాగితమే మళ్ళీ పెడదాం. వాణ్ణి నేను ఒప్పిస్తాను. వచ్చి కూర్చో."

అక్క చేతిలోని పెట్టెని కింద దించింది.

"కాగితం పెట్టుకోండి, పనికొస్తుంది. కౌంటర్లో మాత్రం ఎవరినైనా కొత్త మనిషిని కూర్చోబెట్టండి. ఆ ఏడు నెలలూ సంతకం నాది. నా ముఖం చూస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను జాబితాలోకి చూశాను. ఆయన కర్ర చప్పుడు మెట్ల దాకా వినిపించింది. అక్క మళ్ళీ పెట్టెలు ఎత్తడంలో పడింది.