వచ్చేశా అనే బటన్

మా ఆఫీసులో ఆమెను అందరూ ‘మొదట్నుంచి మేడం’ అంటారు. ఎదురుపడితే మాత్రం ఉత్త మేడం. చేస్తున్న పని సగంలో నచ్చకపోతే దాన్ని సరిదిద్దుకోవడం ఆమె వల్ల కాదు. మొత్తం చెరిపేసి మొదట్నుంచి చేస్తుంది. స్వెట్టర్ అల్లుతూ ఒక కుట్టు జారిందని భుజాల దాకా వచ్చినదాన్ని విప్పేసిందని వాళ్ళాయనే మాతో చెప్పాడు. ఆ చలికాలమంతా ఊలు ఉండను చూసుకుంటూ గడిపాడట పాపం.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం, ఇంకెవరో రాసిపోయిన యాప్‌కు మాసికలు వేయడం.

మాది ఇళ్ళకూ ఆఫీసులకూ మంచినీళ్ళ క్యాన్లు వేసే కంపెనీ. యాప్‌కు రెండు ముఖాలు. ఒకదాంట్లో జనం ఆర్డర్లు పెడతారు, రెండోదాంట్లో వ్యాను డ్రైవర్లు తమ రూటు చూసుకుంటారు. రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఏది ఎందుకు చేశాడో ఒక్క ముక్క చెప్పిపోలేదు. అడ్రసు మార్చే చోట ఒక లైను కదిపితే ఎక్కడో రూటు వరస తారుమారవుతుంది. ఆ యాప్ ఆధారపడ్డ రెడీమేడ్ కోడ్ లైబ్రరీల్లో చాలావాటిని తయారు చేసినవాళ్ళే వదిలేశారు. ఫోన్లు కొత్త వెర్షన్‌కు మారినప్పుడల్లా ఏదో ఒక స్క్రీను తెల్లబోతుంది, దాన్ని చూసి మేడం తెల్లబోతుంది.

ఆమె బాధ అదొక్కటే కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ‘ఇది నేను కట్టింది’ అని చూపించుకునేది ఒక్కటి లేదు. అందుకే ఒకరోజు తెగించి ఓనరుగారి గదిలోకి వెళ్ళింది. యాప్‌ను పరీక్షించే మనిషి పక్కనుండాలని నన్నూ లాక్కెళ్ళింది.

“ఇల్లు కూలిపోయేలా ఉంటే సున్నం వేస్తూ కూర్చుంటారా సార్? పడగొట్టి కొత్తది కడదాం.”

“నీళ్ళమ్ముకునేవాణ్ణి, ఇళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా. ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఏడాది. ఆ ఏడాదంతా పాతదాంట్లో మీరు కొత్తవేవీ అడగకూడదు. అడుగుతూ పోతే దాన్ని నేనెప్పటికీ అందుకోలేను.”

“అడగను. నీ మీదొట్టు.” ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. “అడగను గానీ, చల్లటి క్యాన్లకు వేరే గుర్తు ఒకటి పెడితే...”

“సార్.”

“ఊరికే అన్నాలే. ముందు ఒక్క వ్యాను మీద నడిపి చూపించు. నడిచిందా, ఏడాది నీది.”

ఆర్డర్లు పాత సర్వరు నుంచే తెచ్చుకుంటూ, డ్రైవర్లు చూసే ముఖాన్ని మాత్రం కొత్తగా రాసింది. ఆమె అలా పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. పాటలు కూడా పాడింది. అదొక్కటే కొంచెం ఇబ్బంది.

డ్రైవరుకు ముఖ్యమైన బటన్లు రెండే. గేటు ముందు ఆగగానే ‘వచ్చేశా’ నొక్కాలి. ఇంట్లోవాళ్ళకు కబురు అందుతుంది, ఖాళీ క్యాన్ తెచ్చి బయట పెడతారు. నిండుది దింపాక ‘ఇచ్చేశా’ నొక్కాలి. వ్యాను నిజంగా గేటు దగ్గరుందో లేదో చూసే కోడ్ పాత యాప్‌లో ఉంది, కానీ దాన్ని ఎవరో ఆపేసి ఉంచారు.

“బద్ధకం చూడు. రాశాడు, పని చేయించడానికి ఒళ్ళొంగక ఆపేసి పోయాడు,” అంది మేడం. తన యాప్‌లో దాన్ని చక్కగా పని చేయించింది. వ్యాను దూరంగా ఉండగా నొక్కితే స్క్రీను మీద ఎర్రగా వస్తుంది: ‘మీరు ఇంకా రాలేదు.’

మొదటి వ్యాను హారన్ బాబాయ్‌ది. ఆయన వ్యానుకు హారన్ ఉంది గానీ దాని అవసరం పడదు, గొంతు చాలు. పొద్దున్నే ఫోను చేశాడు. స్పీకరు పెట్టకపోయినా అందరం విన్నాం.

“మేడం, మీ ఫోను నన్ను అబద్ధాలకోరంటోంది.”

“గేటు ముందుకెళ్ళి నొక్కండి బాబాయ్.”

“గేటు ముందుకెళ్ళాక నొక్కడమెందుకు? అరుస్తా.”

మధ్యాహ్నానికి రూటు సగం కూడా కాలేదు. ప్రతి గేటు దగ్గరా వ్యాను ఆగుతోంది, అప్పుడు కబురు వెళ్తోంది, అప్పుడు పై అంతస్తుల్లోవాళ్ళు ఖాళీ క్యాన్ వెతుక్కుని, చెప్పులేసుకుని తీరిగ్గా దిగుతున్నారు. పాత యాప్ ఉన్న వ్యాన్లు మాత్రం ఎప్పట్లాగే తిరిగొచ్చాయి. లోపం ఎక్కడుందో కనిపెడతానని మర్నాడు మేడం ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బాబాయ్ పక్కన కూర్చుంది. వెనక క్యాన్ల మధ్య నేను.

వ్యాను రైలు గేటు దగ్గర ఇరుక్కుని ఉండగా వాళ్ళాయన ఫోను చేశాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళాలట, ఆయన అప్పటికే అక్కడ కూర్చున్నాడు.

“వచ్చేశానండీ. ఇదిగో, సందు మొదట్లోనే ఉన్నా,” అంది మేడం. ఆ సందు ఊరికి ఆ చివర ఉంది.

బాబాయ్ స్టీరింగ్ వదిలేసి నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

“మేడం, మీరు ఇంకా రాలేదు.”

నేను క్యాన్ పట్టుకుని నవ్వాపుకున్నాను. మేడం నవ్వలేదు. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది, ఆమె ఇంకా ల్యాప్‌టాప్‌లో ఆ ఎర్ర అక్షరాలు రాసిన చోటునే చూస్తోంది. వచ్చేశా అంటే వచ్చినట్టు కాదు, లేచి తయారుగా ఉండమని. గేటుకు ఒక వీధి ముందుండగానే డ్రైవర్లందరూ నొక్కేవాళ్ళు. పాత ప్రోగ్రామరూ ఒకప్పుడు ఇదే కాపలా పెట్టి, ఇవే తిట్లు తిని, తీసేసి ఉంటాడు.

“ఆ ఒక్క లైను తీసేస్తే సరిపోతుంది కదా మేడం,” అన్నాను.

“తీసేస్తా. ఇదంటే దొరికింది. ఇలా కారణముండి చేసినవి, మనకు దొరకనివి, ఆ పాత చెత్తలో ఇంకెన్నున్నాయో నీకు తెలుసా? నాకూ తెలీదు. ఏడాది తర్వాత అన్నీ ఒకేసారి, అన్ని వ్యాన్ల మీదా దొరుకుతాయి.”

ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలిసింది. ఏడాదిని చేజేతులా వదులుకుంటోంది. అయినా మర్నాడు ఓనరుగారి గదిలోకి తనే వెళ్ళింది.

“మొత్తం ఒకేసారి వద్దు సార్.”

“ఇల్లు కూలిపోతుందన్నావు?”

“లోపల జనం కాపురముంటున్నారు. గది గదిగా కడతా. పాత యాప్ ముందు ఒక వాకిలి పెడతా. ఏ పనైనా ముందు అక్కడికే వస్తుంది. కొత్తగా రాసిన గదిదైతే అటు పంపిస్తా, కానిదైతే పాతదానికే. రాసేముందు ఏమిస్తే పాతది ఏం చేస్తోందో పట్టి ఉంచుకుంటా, వింత చేష్టలతో సహా. కొత్తది కూడా అదే చేయాలి. ఒక వ్యాను మీద సరిపోయాకే మిగతావాటికి. తేడా వస్తే వాకిలి దగ్గరే వెనక్కి తిప్పేస్తా.”

“బాగుంది. ఇదే ముందు చెప్పొచ్చుగా.”

“ఒక షరతు. కొత్త గది నిలబడ్డాక పాతది నా చేత్తో కొట్టేస్తా. అడ్డం రాకూడదు. రెండూ ఉంచితే రెండింటికీ మాసికలు వేస్తూ ముసలిదాన్నవుతా.”

“నేనెందుకు అడ్డొస్తా? కొట్టెయ్.” మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. “పోనీ, ఒక్క నెల ఉండనిద్దామా?”

“సార్.”

మొదట అడ్రసు మార్చే గది తీసుకుంది. రాసింది, పోల్చి చూసింది, ఒక వ్యాను మీద నడిపింది, తర్వాత అందరికీ ఇచ్చింది. కొన్నాళ్ళు ఆగి పాత కోడ్ కొట్టేసింది. ఆ రోజు టీకి కూడా లేవకుండా ఫోను పక్కనే కూర్చుంది. ఒక్కరూ చేయలేదు. ఉండబట్టలేక తనే బాబాయ్‌కి చేసింది.

“యాప్‌లో ఏమైనా తేడా కనిపించిందా బాబాయ్?”

“లేదే. ఏం, పాడైందా?”

“పాడవలేదు. అడ్రసుల స్క్రీను కొత్తది. నేను రాశా.”

“అలాగా. అచ్చం పాతదిలాగే ఉందే.”

మేడం ఫోను పెట్టేసింది. మెచ్చుకున్నాడో తిట్టాడో తేల్చుకోలేక కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత నన్ను కుర్చీతో సహా తన బల్ల దగ్గరికి లాగి, ఆ కోడ్ పైనుంచి కింది దాకా చూపించింది. బాగానే ఉంది. ఆ మాటే చెప్పాను. “బాగానే ఏంటి?” అని విసుక్కుని, రూటు వరస గది తెరిచింది.