ముందే చెప్పాల్సిన మాట

ఆఫీసులో అందరూ ఆమెను పోలీసక్క అంటారు. లాఠీ లేదు, జీపు లేదు. ఉన్నదల్లా ఒక కంప్యూటరు, చెవులు నొప్పెట్టే హెడ్‌ఫోను. ఇంటి నుంచి ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లు పక్క తెర చూసి చదువుతున్నారా, చెవిలో ఎవరైనా జవాబులు ఊదుతున్నారా అని కనిపెట్టడం ఆమె పని. ఏమేం గమనిస్తామో ముందే చెప్పేది. ఇల్లంతా తిప్పి చూపించమని ఎవర్నీ అడిగేది కాదు. ఒక్క దొంగ కోసం ఇంతమంది దొరల్ని అవమానిస్తామా అనేది.

ఆ మెత్తదనమే కొంప ముంచింది. ఆ మధ్య ఒకడు చూపులు పక్కకు పోతూ దొరికిపోయి, అమ్మకు ఒంట్లో బాగాలేదు, అటే చూస్తున్నానని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపం అని వదిలేసింది. ఉద్యోగంలో చేరాక వాడి బండారం బయటపడింది. ఒళ్లు మండి తనే ఒక నిబంధన రాసింది: ఇబ్బంది ఉంటే మొదట్లోనే చెప్పాలి, అనుమానం వచ్చాక చెప్పే కారణాలు చెల్లవు.

ఆ తర్వాత సర్వర్లు చూసుకునే ఉద్యోగానికి ఒకతను వచ్చాడు.

"మీకేమైనా ప్రత్యేక సౌకర్యం కావాలా?" అని అడిగింది.

"వద్దండి."

ఇక ప్రతి ప్రశ్నకూ పెదాలు కదుపుతూ మౌనం. ఆ తర్వాత గడగడా జవాబు. ఎవరో చెబితే విని అప్పజెబుతున్నట్టే ఉంది. తెర మీద అనుమానం గుర్తులు వరసగా వెలుగుతున్నాయి. ఆమె ప్రశ్న మార్చింది. "మీ చేతిలో చెడిపోయిన పని ఒకటి చెప్పండి."

రోజూ బ్యాకప్ తీసేవాణ్ణనీ, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో ఒక్కసారైనా చూడలేదనీ, అవసరమైన రోజున అది ఖాళీగా ఉందనీ చెప్పాడు.

"మొదట ఎవరికి చెప్పారు?"

"వాచ్‌మన్‌కి. స... స... సర్వర్ గది తాళం ఆయన దగ్గరే ఉంది."

అప్పుడు అర్థమైంది. "మీకు నత్తితో మాట ఆగుతుందా?"

అతను తల దించుకున్నాడు. "అవునండి. ముందే చెప్పిన రెండు చోట్లా వద్దన్నారు."

నిజాయితీపరుడని ఆమె గట్టిగా రాసి పంపింది. పై అధికారి పిలిచి, రికార్డింగు పక్కనే ఆమె నిబంధన తెరిచి పెట్టాడు.

"ఇది మీరు రాసిందే కదమ్మా. పోయినసారీ మీరిలాగే నమ్మారు. మళ్లీ అభాసుపాలవుదామా?"

"ఇతను వేరు సార్."

"వాణ్ణీ అలాగే అన్నారు."

ఎంత పోరినా ఆయన దిగిరాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, తన మీద అసహ్యమూ వేసింది. సాయంత్రం, ఎంపిక కాలేదని తెలిసి అతనే ఫోను చేశాడు. ఒక్కో మాటా పెగిలేదాకా ఆమె ఆగింది.

"మేడమ్, ఈసారి ముందే చెప్తాను. మ... మళ్లీ ఎప్పుడు పెట్టుకోమంటారు?"

అనుమానం ముద్ర పడినవాళ్లకు అక్కడ మళ్లీ అవకాశం లేదు. ఆ ముక్క చెప్పే అధికారం ఆమెకు లేదు.

"మెయిల్ వస్తుందండి" అంది.

"థాంక్యూ మేడమ్" అన్నాడతను, ఎక్కడా ఆగకుండా.