లేని జ్యాకు సమీకరణం

హనుమకొండలో నేను లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్లో పిల్లలు నాకు పెట్టుకున్న పేరు పది సెకన్ల మేడం. నా వెనకాలే అనుకునేవాళ్లు గానీ నా చెవిన పడుతూనే ఉండేది. కోపం నటించేదాన్ని, లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

శాంకవాల చాప్టర్ వచ్చిందంటే నాకు పండగే. y = x + c అనే గీత x²/9 + y²/4 = 1 అనే దీర్ఘవృత్తాన్ని తాకాలంటే c ఎంత అని అడుగుతారు. పుస్తకంలో ఉన్నట్టు చేస్తే అర పేజీ. నా దగ్గర తొమ్మిదీ నాలుగూ కలిపితే పదమూడు, c విలువ ±√13, అయిపోయింది. ఇలాంటివన్నీ ఏరి, సులువైనవి మొదటి లెవెల్, కాస్త మెలిక ఉన్నవి రెండోది, ఎంట్రన్స్‌లో ర్యాంకు తేల్చేవి మూడోది అని విడగొట్టి నేనే మెటీరియల్ తయారు చేశాను. పదేళ్లుగా అదే మెటీరియల్. అందులో తప్పుందని ఎవరైనా అంటే ఊరుకునే రకాన్ని కాను.

నిరుడు మొదటి సెక్షన్లో ఒక లాంగ్‌టర్మ్ అమ్మాయి ఉండేది, ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి మళ్లీ ఎంట్రన్స్ రాసే రకం. ఏటూరునాగారం అవతల ఊరు. ఇంట్లో వాళ్లు ఇచ్చింది ఈ ఒక్క ఏడాదే, సీటు రాకపోతే ములుగులో డిగ్రీ అని ముందే తేల్చేశారు. మాట తక్కువ, రాత ఎక్కువ. నాకు ఆ రాతే నచ్చేది కాదు. షార్ట్‌కట్ వాడుతుంది, వాడాక మళ్లీ పక్కన మొత్తం చేసి చూసుకుంటుంది. టైం తింటున్నావని నేను తిడుతూనే ఉన్నాను, తను చేస్తూనే ఉంది.

పరీక్షకు మూడు నెలల ముందు రెండు ఆదివారాలు రెండు టెస్టులు పెట్టి, ఆ మార్కులు కలిపి చివరి సెక్షన్లు వేస్తారు. మొదటి సెక్షన్లో నలభై మంది. మూడో లెవెల్ ప్రాక్టీసు, సాయంత్రం డౌట్ల క్లాసు వాళ్లకే. మిగతావాళ్లను హాస్టలుతో సహా రోడ్డవతల పాత బిల్డింగుకు పంపిస్తారు, అక్కడ రెండో లెవెల్ దగ్గరే బండి ఆగిపోతుంది. కాబట్టి ఆ అమ్మాయికి ఆ నలభైలో ఉండటం అంటే ఆ ఏడాది మొత్తం నిలబడటమే.

మొదటి టెస్టులో నా మూడో లెవెల్ నుంచి ఒక లెక్క ఇచ్చాను. x² − y²/2 = 1 అనే అతిపరావలయానికి (1, 1) మధ్యబిందువుగా ఉండే జ్యా, అంటే ఆ వక్రాన్ని రెండు చోట్ల ఖండించే గీత, దాని సమీకరణం కనుక్కోవాలి. ఇది నా పది సెకన్ల లెక్కల్లో రాణి. x² ఉన్నచోట x·1, y² ఉన్నచోట y·1 పెట్టి, రెండోవైపు అదే బిందువు విలువ వేస్తే x − y/2 = 1/2, అంటే 2x − y = 1. మొదటి ఆప్షన్ అదే. చివరి ఆప్షన్ ‘అలాంటి జ్యా లేదు’ అని. ఖాళీ పూరించడానికి నేనే పెట్టిన ఆప్షన్ అది. దాదాపు అందరూ మొదటిది పెట్టారు. ఆ అమ్మాయి ఒక్కతే చివరిది పెట్టింది. నాలుగు రావాల్సింది పోయి ఒకటి మైనస్ అయింది.

మర్నాడు పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

“మేడం, ఆ గీత కర్వ్‌ను ఏడా తాకుతలేదు. జర చూస్తరా” అంది.

చూడలేదు. పక్కన ఫిజిక్స్ సార్ ఉన్నారు, కెమిస్ట్రీ మేడం ఉన్నారు, నా మెటీరియల్ మీద వేలు పెడుతున్నది ఒక పిల్ల. మొత్తం చేసుకుంటూ కూర్చునే నీ అలవాటుకే మార్కులు పోతున్నాయని దులిపేసి, చివరికి ఇంకో మాట కూడా అన్నాను.

“నేను చెప్పినట్టు పెట్టు బిడ్డా. కీ నాది గదా.”

తలూపి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లో, టీ తాగుతూ, ఆ పిల్ల తప్పెక్కడుందో చూపిద్దామనే పెన్ను తీశాను. y స్థానంలో 2x − 1 వేశాను. x² − 2x + 3/2 = 0 వచ్చింది. విచక్షణి నాలుగు మైనస్ ఆరు, అంటే మైనస్ రెండు. మళ్లీ చేశాను, అదే. గీత ఆ వక్రాన్ని ఎక్కడా ఖండించదు. లేని జ్యాకు పదేళ్లుగా సమీకరణం రాయిస్తున్నాను.

ఆ రోజే ఇన్‌ఛార్జి సార్ దగ్గరికి వెళ్లి కీ మార్పించాల్సింది. వెళ్లలేదు. అందరి మార్కులూ మారతాయి, అందరికీ తెలుస్తుంది. సిగ్గేసింది, అంతే, దానికి వేరే పేరు లేదు. బదులుగా ఒక ఉపాయం ఆలోచించాను. రెండో టెస్టులో అలాంటిదే ఇంకొకటి ఇద్దాం, ఈసారి కీ సరిగ్గా పెడదాం, ఆ పిల్ల పోగొట్టుకున్నది తనకు చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. x²/4 − y² = 1, మధ్యబిందువు (2, 1/2). కీలో ‘అలాంటి జ్యా లేదు’ అని పెట్టి, ఎంతో మంచిపని చేసినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రెండో టెస్టు అయ్యాక లిస్టు వచ్చింది. నలభయ్యవ పేరుకు మూడు మార్కుల దూరంలో ఆ అమ్మాయి ఆగిపోయింది.

నమ్మలేక తను జవాబులు దిద్దిన ఓఎమ్మార్ షీటు తీయించాను. నా లెక్కకు తను పెట్టింది మొదటి ఆప్షన్, 2x − 2y = 3, షార్ట్‌కట్ ఇచ్చే జవాబు. రఫ్ షీటు వెతికాను. అందులో 3x² − 12x + 13 = 0 అని ఉంది. విచక్షణి −12 అని ఉంది. దాని కింద, మార్జిన్లో, నేను ఎన్నడూ చెప్పని చెక్ ఒకటి రాసుకుంది. బిందువును x²/4 − y² లో వేస్తే విలువ 3/4, సున్నాకీ ఒకటికీ మధ్య పడితే జ్యా ఉండదు. ఐదు సెకన్ల పని. దాని కింద చిన్న అక్షరాల్లో ‘మేడం ఆన్సర్: 1’ అని ఉంది.

పిలిపించాను. తెలిసి కూడా ఎందుకిలా పెట్టావని అడిగాను.

“మీరే చెప్పిండ్రు గద మేడం, మీరు చెప్పినట్టు పెట్టుమని. మల్ల మార్కులు పోతయేమో అని పెట్టిన.”

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

అప్పుడు వెళ్లాను ఇన్‌ఛార్జి సార్ దగ్గరికి, మొదటి టెస్టు కీ తప్పని, తప్పు నాదేనని చెప్పాను. లిస్టు పేరెంట్స్‌కు మెసేజ్ పోయిందన్నారు, ఇప్పుడు మారిస్తే ఫోన్లకు జవాబు చెప్పలేమన్నారు. వారం ముందు చెబితే అయిపోయేదిగా అని కూడా అన్నారు. ఆ సాయంత్రం అమ్మాయి పరుపు, పుస్తకాలు పాత బిల్డింగుకు మోసుకుపోయింది.

మర్నాడు మొదటి సెక్షన్లో బోర్డు మీద ఆ లెక్క రాశాను. మెటీరియల్లో జవాబు తప్పు, నేను పదేళ్లుగా తప్పు చెప్పాను, కొట్టేయండి అన్నాను. మార్జిన్లోని ఆ ఐదు సెకన్ల చెక్ కూడా రాసి, ఇది ఈ గదిలోంచి వెళ్లిపోయిన అమ్మాయిది అని చెప్పాను. తిడతారనుకున్నాను. కనీసం ఎందుకని అడుగుతారనుకున్నాను, ఆగి చూశాను.

నలభై మందీ తల వంచుకుని, పాత జవాబు కొట్టేసి కొత్తది రాసుకున్నారు. ఒక్కరూ చేసి చూడలేదు. చేసి చూసే పిల్ల రోడ్డవతల ఉంది.