ట్రేలు మారిన పరీక్ష

నలభై దాటాక జూబ్లీహిల్స్‌లోని ఒక వంటల కాలేజీలో చేరాను. అంతకు ముందు పదేళ్ళు ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ ఆఫీసులో పనిచేశాను. ఎవరి ఫుటేజీ ఎవరు ఎత్తుకుపోతారోనని అందరినీ కనిపెట్టి ఉండడం అక్కడే అలవాటైంది. కాలేజీకి కూడా ఆ అలవాటుతోనే వెళ్ళాను.

నా పక్క బల్ల దగ్గర ఉండేది మోతీనగర్ నుంచి వచ్చే ఒకావిడ. షూటింగ్ యూనిట్లకు భోజనాలు వండి పంపేదట. పెద్ద గుండిగల్లో మాంసం ఉడికించడంలో ఆవిడకు తిరుగు లేదు. గ్రిల్లు, రోస్టు అంటే మాత్రం చేయి తడబడేది. నూనెలో వేయించడాన్ని పొడి వేడి అంటారని గురువుగారు చెప్పిన రోజు ఆవిడ ఒప్పుకోలేదు. నూనె పారుతుంటే పొడి ఎట్లయితదని అడిగింది. నీళ్ళుగానీ ఆవిరిగానీ వేడిని మోసుకెళ్తేనే తడి వేడి, నూనెలో నీరు లేదు కదా అన్నారాయన. ఆవిడ ఆ మాట రాసుకుంటూ నా నోటుబుక్కు వంక చూసింది. ఆ రోజు నుంచి ఆవిడ మీద ఒక కన్నేసి ఉంచాను.

చివరి ప్రాక్టికల్‌లో చీటీ తీయాలి. చీటీలో ఏ భాగం పేరుంటే ఆ మాంసం ట్రేలో ఇస్తారు. దాన్ని ఏ పద్ధతిలో వండుతామో, ఎందుకో ముందు రాసిచ్చి, రెండున్నర గంటల్లో వండి చూపాలి. నాకు మేక లాయిన్ వచ్చింది, అంటే వెన్ను పక్కన ఉండే మెత్తటి మాంసం. పెద్దగా శ్రమ పడని కండ కాబట్టి పీచు తక్కువ, పెనం మీద త్వరగా కాల్చాలి. ఆవిడకు షోల్డర్, అంటే భుజం మాంసం వచ్చింది.

ట్రే మీద గుడ్డ తీయగానే నాకు అనుమానమొచ్చింది. స్టిక్కరు మీద లాయిన్ అనే ఉంది. కానీ మాంసం ముదురు రంగులో ఉంది, కండల మధ్య తెల్లటి పొరలు మెరుస్తున్నాయి. రోజంతా నడిచే జంతువు భుజమే అలా ఉంటుంది. పెనం మీద కాలిస్తే తోలులా సాగుతుంది. మూతపెట్టి కొద్ది నీళ్ళలో నిదానంగా మగ్గిస్తేనే ఆ పొరలు కరిగి జిగురవుతాయి. పొద్దున ఆవిడ ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉండడం గుర్తొచ్చింది. మార్చేసింది అనుకుని ఆవిడ ట్రే వంక చూశాను. గ్రిల్లు చేతకాని మనిషి లాయిన్ ఎందుకు తీసుకుంటుందని ఆలోచించలేదు.

అంతలో ఆవిడే నా వైపు వంగింది.

"అక్కా, నా చీటీల షోల్డర్ అని ఉంది. గీ ముక్కల పీచే లేదు. స్టిక్కర్లు మారినయ్ కావచ్చు. మార్చుకుందమా?"

నేను చూసేసరికి భయపడి సర్దుకుంటోందని నాకనిపించింది. లేదంటే నా చేత ట్రే ముట్టించి నన్నే పట్టిస్తుందేమో.

"ఎవరికిచ్చింది వాళ్ళు వండుకుందామండీ" అన్నాను.

నా కాగితంలో, చీటీ లాయిన్ అన్నా ట్రేలోది షోల్డర్‌లా ఉంది కాబట్టి తడి వేడిలో వండుతున్నానని రాసిచ్చాను. ముక్కలు ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు కలిపి, సగం మునిగేలా స్టాక్, అంటే ఎముకలు మరిగించిన నీళ్ళు పోసి మూతపెట్టాను. ఆవిడ తన ట్రేలో ముక్కను మళ్ళీ తిప్పి చూసి, నేరుగా ఎగ్జామినర్ దగ్గరికి వెళ్ళి స్టిక్కర్ల సంగతి చెప్పింది.

ఆయన ఆవిడ ట్రేలో మాంసం నొక్కి చూసి, నా కాగితం చదివి, స్టోరు చూసుకునే ఆయన్ని పిలిపించారు. తెల్లవారుజామునే రెండు రకాలూ తనే కోశాననీ, స్టిక్కర్లు తర్వాత అంటించడంలో తారుమారయ్యాయనీ అతను ఒప్పుకున్నాడు. ఫ్రిజ్ దగ్గర ఆవిడ ఏం చేస్తోందో కూడా తెలిసింది. అతనికి ట్రేలు మోయడంలో సాయం పట్టింది, గుడ్డ తీయలేదు.

అప్పటికి నా మాంసం సగం ఉడికింది. ఇక మార్చుకోవడానికి లేదు. ఎగ్జామినర్ ఆవిడకు కొత్త కాగితమిచ్చి, చేతిలో ఉన్నదానికి తగ్గట్టు రాసి వండమన్నారు. నేను ముందే ఒప్పుకుని ఉంటే తనకు చేతనైన పనే ఆవిడకు దక్కేది. ఆవిడ ముక్కను గుడ్డతో తుడిచి, పెనం బాగా కాగాక వేసింది. కాల్చిన మాంసాన్ని కాసేపు ఆరనిచ్చి కోయాలి, ఆవిడ తీయగానే కోసింది. రసమంతా పళ్ళెంలోకి కారిపోయింది. ఇద్దరం పాసయ్యాం. నా మార్కులు ఎక్కువ.

బయట మెట్ల దగ్గర ఆవిడను ఆపి, మీరే మార్చారనుకున్నానని చెప్పేశాను.

"తెల్సక్కా. నువ్వు నా ట్రే చూసిన తీరుల్నే తెల్సింది."

క్షమించమని అడిగాను. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, మాంసం ముట్టుకోకుండానే ఏ ముక్కో పోల్చినవ్ గదా, మనుషుల్ని పోల్చడం గట్ల కాదు అంది. కోపంగా అనలేదు. ఆ తర్వాత నాలుగైదుసార్లు ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తలేదు.